చేపముల్లు కాలవలు

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద చొల్లంగి దాటాక, ఎడమచేతి వైపు చూస్తూ వెళితే కొబ్బరిచెట్ల సందుల్లోంచి దూరాన పచ్చని గోడ ఒకటి కనిపిస్తుంది. అది గోడ కాదు, కోరంగి మడ అడవి. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసేముందు చిన్న చిన్న పాయలుగా చీలి, ఎన్నో వందల ఏళ్ళుగా తెచ్చిపోసిన ఒండ్రుమట్టి మీద ఈ అడవి పెరిగింది. 1978లో ఇందులో సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. బావురుపిల్లీ, నీటికుక్కా అందులోనే ఉంటాయి గాని, ఇవాళ నేను చెప్పబోయేది వాటి సంగతి కాదు. అడవికీ ఊరికీ మధ్య ఎన్నో ఏళ్ళు ఏమీ మొలవకుండా పడివున్న ఒక బోడినేల సంగతి.

మా అమ్మమ్మగారి ఊరు ఆ అడవి అంచునే ఉన్నది. వేసవి సెలవులకు వెళ్ళినప్పుడల్లా మా మావయ్య నన్ను నాటుపడవలో ఎక్కించుకుని పీతలకు వెళ్ళేవాడు. చెట్లను గురించి నా మొదటి పాఠాలన్నీ ఆ పడవలోనే జరిగాయి. తరవాత నేను వృక్షశాస్త్రం చదివి, కాలేజీలో చాలాకాలం అదే చెప్పాను గాని, మావయ్య చెప్పిన దానిలో పెద్దగా దిద్దుకోవలసింది ఏమీ కనిపించలేదు.

“ఆ ఆకు నాకి చూడరా,” అన్నాడు ఒకసారి. నాకాను. ఉప్పగా ఉంది. అది మడచెట్టు. సముద్రపు నీరు లీటరులో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అటువంటి నీరు మన వరిచేలో పెడితే పైరు మాడిపోతుంది. మడచెట్టు మాత్రం కొంత ఉప్పును వేళ్ళ దగ్గరే ఆపేసి, లోపలికి వచ్చిన దానిని ఆకుల మీద ఉండే సన్నని గ్రంథులలోంచి బయటికి కక్కేస్తుంది. ఎండకు నీరు ఆవిరై, ఉప్పు పలుకులు ఆకు మీద మిగులుతాయి. ఉప్పుపొన్న పద్ధతి వేరు. దానికి ఆకుల మీద ఉప్పు ఉండదు. వేళ్ళే గట్టి జల్లెడలాగా పనిచేస్తాయి. ఇక తిల్ల అని ఇంకొక చెట్టున్నది. దానిని నరికితే తెల్లని పాలు వస్తాయి. అవి కంట్లో పడితే చూపుకే మోసం. అంచేత తిల్లచెట్టు కింద నన్ను ఆడుకోనిచ్చేవాడు కాదు మావయ్య.

ఉప్పు ఒక్కటే అయితే బాగానే ఉండును. ఆ బురదలో గాలి ఆడదు. చెట్టు వేళ్ళు కూడా మనలాగే ప్రాణవాయువు పీల్చుకోవాలి సుమా! మామూలు నేలలో మట్టి రేణువుల సందుల్లో గాలి ఉంటుంది. మడ బురదలో ఆ సందులన్నీ నీటితో నిండివుంటాయి. కాలు దిగేసి తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుందే, అది గాలి ఆడని బురద గుర్తు. అంచేత మడచెట్టు తన వేళ్ళ మీదనుంచి పెన్సిళ్ళవంటి ఊపిరివేళ్ళను పైకి పంపుతుంది. ఒక్క చెట్టు చుట్టూ అవి వేలకొద్దీ ఉంటాయి. ఉప్పుపొన్న మాత్రం కాండం మీదినుంచి వంకర కాళ్ళవంటి వేళ్ళు దింపి, పందిరి గుంజల మీద నిలబడ్డట్టు నిలబడుతుంది.

పోటు వచ్చినప్పుడు ఊపిరివేళ్ళు మునుగుతాయి, ఆటు వచ్చినప్పుడు తేలి గాలి పీల్చుకుంటాయి. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. నీరు రావడం ఎంత అవసరమో, వెళ్ళిపోవడమూ అంతే అవసరం. ఈ ఒక్కమాట గుర్తుంచుకుంటే తక్కిన కథంతా మీకే తెలిసిపోతుంది.

ఊరికీ అడవికీ మధ్య ఉన్న ఆ బోడినేలను మావాళ్ళు బోడిపర్ర అనేవాళ్ళు. మా అమ్మమ్మ చిన్నతనంలో అక్కడ కూడా అడవే ఉండేదిట. వంటచెరకు కోసం, ఇళ్ళ వాసాల కోసం, పడవల కోసం నరికారు. “అడవి అన్న తరవాత నరుకుతాం. మళ్ళీ మొలుస్తుంది. చుట్టూ అంతా మొలిచిందిగా?” అనేది అమ్మమ్మ. నిజమే, చుట్టూ మొలిచింది. మడ గింజకు పడవ ప్రయాణం కొత్త కాదు. అది చెట్టు మీద ఉండగానే లోపల మొలక తయారై ఉంటుంది. రాలి నీళ్ళలో పడితే పైతొక్క ఊడిపోయి, పోటుతో తేలుతూ వెళ్ళి, బురద తగిలినచోట వేరు దింపుతుంది. అలాంటి గింజలు బోడిపర్రలోకీ ప్రతి ఏడూ కొట్టుకు వచ్చేవి. వచ్చి, చచ్చేవి. వేసవిలో ఆ నేల తెల్లగా పేలాలు చల్లినట్టు మెరిసేది. అంచుల్లో కాస్త ఇలకూర తప్ప ఇంకేమీ ఉండేది కాదు. పీత బొరియ ఒకటి కనబడేది కాదు.

బోడిపర్ర ఖాళీగా ఉంటే ఏం పోయింది అని మీరు అడగవచ్చు. 1996 దాకా మావాళ్ళూ అలాగే అనుకున్నారు.

ఆ సంవత్సరం నవంబరు 6వ తేదీ రాత్రి గాలివాన వచ్చింది. కాకినాడకు దక్షిణంగా, కోనసీమ వద్ద అది తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. సముద్రం మీదికి వేటకు వెళ్ళిన ఎందరో మత్స్యకారులు తిరిగి రాలేదు. కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ఆ రాత్రి మా అమ్మమ్మ, మావయ్య, ఇరుగుపొరుగువాళ్ళు రామాలయం అరుగు మీదికి చేరారు. నీరు వచ్చింది. ఊరి తూర్పుపక్క ఉన్న ఇళ్ళలోకి నడుములోతు వచ్చింది, పడమటిపక్క మోకాలిలోతు కన్నా మించలేదు. మావయ్య పడవ తెల్లవారి తిల్లచెట్ల మధ్య ఇరుక్కుని, విరగకుండా దొరికింది. తూర్పువీధిలో కట్టేసిన పడవలు మూడు ముక్కలైపోయాయి. అమ్మమ్మ పెంచుకున్న గేదె కూడా పోయింది. బోడిపర్ర ఉన్నది తూర్పువైపే.

“అడవి ఉన్నచోట నీళ్ళు ఆగాయి, లేనిచోట ఆగలేదు. ఇంకేం సాక్ష్యం కావాలిరా నీకు?” అన్నాడు మావయ్య. నేను చదువుకున్నవాణ్ణి కనక వెంటనే ఒప్పుకోలేకపోయాను. తూర్పువైపు నేలే పల్లం. ఏటి మొగ కూడా అటే. చెట్లు ఉన్నా, లేకపోయినా అటు నీరు ఎక్కువ వచ్చివుండవచ్చు కదా? ఈ ప్రశ్నకు ఒక్క ఊరిని చూసి జవాబు చెప్పలేం. వందల ఊళ్ళు చూడాలి.

అలా చూసినవాళ్ళు ఉన్నారు. 1999 అక్టోబరులో ఒడిశా మీద మహా తుఫాను వచ్చి పదివేలమంది దాకా చనిపోయారని మీ పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. అక్కడ కేంద్రపడా జిల్లాలో కూడా మడ అడవులున్నాయి. సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు ఆ జిల్లాలో నాలుగువందలకు పైగా ఊళ్ళను తీసుకుని, ఒక్కొక్క ఊరికీ సముద్రానికీ మధ్య ఎంత వెడల్పు అడవి ఉన్నదో, ఎంతమంది పోయారో లెక్కకట్టారు. మావయ్య మీద నేను వేసిన ప్రశ్నే వాళ్ళూ తమ మీద వేసుకున్నారు. ఊరు సముద్రానికి ఎంత దూరం, నేల ఎత్తా పల్లమా, కట్ట ఉన్నదా, ఇవన్నీ విడివిడిగా లెక్కలోకి తీసుకున్నారు. అవన్నీ తీసేసిన తరవాత కూడా, వెడల్పైన అడవి వెనక ఉన్న ఊళ్ళలో చావులు తక్కువగానే తేలాయి. ఆ అడవే లేకపోతే తీరానికి పది కిలోమీటర్ల లోపు ఊళ్ళలో, సగటున ఊరికి ఇంచుమించు ఇద్దరు ఎక్కువ చనిపోయి ఉండేవారని 2009లో ప్రకటించారు. అయితే ముందుగా హెచ్చరిక అంది ఊరు ఖాళీ చేయడంవల్ల దక్కిన ప్రాణాలు అంతకన్నా చాలా ఎక్కువ అని కూడా వాళ్ళే చెప్పారు. ఈ రెండోమాటను అడవి ప్రేమికులు ఒక్కొక్కసారి మింగేస్తూ ఉంటారు. అది తప్పు.

చెట్లు నీటిని ఎలా ఆపుతాయో తెలిస్తే ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డురావని తెలుస్తుంది. గాలివానలో సముద్రం రెండు రకాలుగా మీదికి వస్తుంది. ఒకటి అలలు. రెండోది ఉప్పెన. అల అంటే నీరు పైకీ కిందికీ ఊగడం. అది ఊపిరివేళ్ళకూ, కాండాలకూ, ఆకులకూ తగిలి తగిలి బలం పోగొట్టుకుంటుంది. నూరు మీటర్ల మడ అడవి దాటేసరికి అల ఎత్తు ఎనిమిదో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా తగ్గినట్టు రకరకాల చోట్ల కొలిచారు. చెట్లు దట్టంగా ఉన్న కొద్దీ ఎక్కువ తగ్గుతుంది.

ఉప్పెన అలా కాదు. గాలి తోసుకువచ్చిన నీటి గుట్ట అది. గంటలకొద్దీ వస్తూనే ఉంటుంది. దానిని నూరు మీటర్ల అడవి ఏమీ చేయలేదు. కిలోమీటరు వెడల్పు అడవి దాటితే దాని ఎత్తు 5 నుంచి 50 సెంటీమీటర్ల వరకు తగ్గుతుందని కొలతలు చెబుతున్నాయి. ఒక లెక్క చేద్దాం. ఉప్పెన 3 మీటర్లు వచ్చిందనుకోండి. మధ్యలో 2 కిలోమీటర్ల అడవి ఉన్నది. చాలా మంచి అడవి అయితే ఒక మీటరు తగ్గి, ఊరి దగ్గరకు 2 మీటర్లు వస్తుంది. పలచని అడవి అయితే పది సెంటీమీటర్లే తగ్గి, 2 మీటర్ల 90 సెంటీమీటర్లు వస్తుంది. పెద్దవాళ్ళను ముంచడానికి రెండు మీటర్లే చాలు. అంచేత హెచ్చరిక రాగానే తుఫాను ఆశ్రయానికి వెళ్ళి తీరవలసిందే. కాని మెడలోతు నీళ్ళు నిమ్మళంగా రావడం వేరు, అవే నీళ్ళు అలలతో గోడలను గుద్దుతూ రావడం వేరు. కొట్టుకు వచ్చే పడవలనూ, దూలాలనూ అడవి పట్టుకుంటుంది. మావయ్య పడవను అలా పట్టుకున్నవే ఆ తిల్లచెట్లు.

గాలివాన తరవాత మావాళ్ళు బోడిపర్రలో చెట్లు వేద్దామనుకున్నారు. వేశారు కూడా. అడవి నుంచి మడ గింజలు ఏరితెచ్చి, వానలు పడ్డాక నాటారు. సంక్రాంతి దాకా పచ్చగా ఉన్నాయి. ఉగాది నాటికి ఒక్కటి మిగలలేదు. “ఈ నేలకు శాపం ఉంది,” అన్నది అమ్మమ్మ.

శాపం ఏమిటో అప్పటికే తమిళనాడులో పిచ్చవరం మడ అడవిలో పనిచేసినవాళ్ళు కనిపెట్టివున్నారు. మద్రాసులోని ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ వారూ, అక్కడి అటవీశాఖవారూ కలిసి 1990ల దశకంలో ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. నరికినచోట అడవి ఎందుకు తిరిగి రాదు? వాళ్ళు చెట్టును చూడడం మాని నేలను కొలిచారు. అడవి నీడ ఉన్నన్నాళ్ళూ బురద తడిగా, ఉబ్బి ఉంటుంది. చెట్లను ఒక్కసారిగా కొట్టేస్తే ఎండ సూటిగా తగిలి, బురదలో నీరు ఆవిరై, నేల కుంగిపోతుంది. చుట్టూ అడవి ఉన్న నేల కుంగదు. దాంతో మధ్యనున్న భాగం పళ్ళెంలాగా తయారవుతుంది. పెద్ద పోటుకు పళ్ళెంలోకి నీరు ఎక్కుతుంది. ఆటుకు చుట్టూ నీరు దిగిపోతుంది గాని, పళ్ళెంలోది దిగదు. ఎండకు ఆవిరవుతుంది. ఉప్పు మిగులుతుంది. మళ్ళీ పోటు, మళ్ళీ ఉప్పు. చివరకు ఆ మట్టిలో ఉప్పు సముద్రంలో కన్నా కొన్ని రెట్లు పేరుకుంటుంది. అంత ఉప్పును మడచెట్టు కూడా కక్కలేదు.

ఇది కనిపెట్టడానికి గొప్ప యంత్రాలేమీ అక్కరలేదు. ఆటు బాగా దిగిన వేళకు వెళ్ళి చూడాలి. చుట్టూ బురద తేలివుండి, మధ్యలో మాత్రం నీరు నిలిచివుంటే అది పళ్ళెమే. ఎంత లోతో తెలియాలంటే తాపీమేస్త్రీలు వాడే నీటిగొట్టం చాలు. పారదర్శకంగా ఉండే పొడవాటి గొట్టంలో నీరు నింపి, ఒక కొస పర్ర మధ్యన కర్రకు కట్టి, రెండో కొస ఏటి గట్టున కర్రకు కడితే, రెండువైపులా నీరు ఒకే మట్టంలో నిలబడుతుంది. కర్రల మీద గుర్తులు పెట్టి, గుర్తు నుంచి నేలదాకా కొలిస్తే ఏది ఎంత పల్లమో తెలిసిపోతుంది. మా బోడిపర్రలో అలా కొలిచినప్పుడు నేనూ గొట్టం పట్టుకున్నాను. మధ్యభాగం అంచులకన్నా రెండు జానల పల్లంగా తేలింది. రెండు జానలే! అంతమాత్రానికే అన్నేళ్ళ శాపం.

మందు కూడా నేలలోనే ఉన్నది. పిచ్చవరంలో కనిపెట్టిన ఈ మందునే స్వామినాథన్ సంస్థవారు ఆంధ్ర అటవీశాఖతోనూ, తీరపు ఊళ్ళతోనూ కలిసి గోదావరి, కృష్ణా మడ అడవులలో కూడా ప్రయోగించారు. ఏటినుంచి పర్ర మధ్యకు ఒక పెద్ద కాలవ తవ్వుతారు. దానికి రెండు పక్కలా, ఏటవాలుగా పిల్లకాలవలు తవ్వుతారు. మీదినుంచి చూస్తే అచ్చం తిన్న చేప వెన్నెముకలాగా ఉంటుంది. అంచేత వాటికి చేపముల్లు కాలవలని పేరు. పిల్లకాలవలు నిలువుగా కాక ఏటవాలుగా ఎందుకంటే, నీరు సాఫీగా లోపలికి తిరిగి, సాఫీగా బయటికి రావాలి. అడ్డంగా కలిస్తే మూలల్లో ఒండ్రు పేరుకుంటుంది. కాలవ పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉండాలి. గోడలు నిటారుగా తవ్వితే బురద జారి వారంలో పూడిపోతుంది.

తవ్విన వెంటనే చెట్లు నాటకూడదు. మావాళ్ళకు తొందర ఎక్కువ, కాని వచ్చిన అధికారి ఒప్పుకోలేదు. ఒక వానాకాలం ఆగమన్నాడు. పోటు వచ్చి, ఆటు వెళ్ళి, పైనుంచి వాన పడి, మట్టిలోని ఉప్పును కడిగి తీసుకుపోవాలి. తరవాత మడ గింజలనూ, మొక్కలనూ కాలవ గట్ల వాలు మీద నాటారు. మరీ అడుగున నాటితే మొక్క ఎప్పుడూ మునిగే ఉంటుంది. మరీ పైన నాటితే నీరు అందదు. వాలు మధ్యలో, పోటుకు తడిసి ఆటుకు ఆరే వరస ఒకటి ఉంటుంది. అదే దాని చోటు. కాలవల మధ్య నేలలో ఎవరూ ఏమీ నాటలేదు. గట్ల మీది చెట్లు పెరిగి గింజలు రాల్చాక, అక్కడ వాటంతట అవే మొలిచాయి.

మొదటి ఏడు ఆవులూ, గేదెలూ చాలా మొక్కలు తినేశాయి. మడ ఆకంటే పశువులకు ప్రాణం. ఊరంతా కూచుని, ఎవరి పశువులు వాళ్ళు కట్టేసుకోవాలని తీర్మానించుకున్నారు. తీర్మానం తరవాత కూడా నాలుగైదు తగవులయ్యాయి. రెండో ఏడు పెద్ద కాలవ మొగ పూడిపోయింది. పైకి చూస్తే కాలవ నిండా నీళ్ళే ఉన్నాయి, చక్కగా ఉందనిపిస్తుంది. కాని ఆటుకు ఆ నీరు దిగడంలేదు. మావయ్య అది ఎలా కనిపెట్టాడంటే, మొక్కల ఆకులు పసుపు తిరగకముందే నీళ్ళలో పీతపిల్లలు కనిపించడం మానేశాయిట. నలుగురూ పారలు పట్టుకుని మొగ తీశారు. నీరు బుసకొట్టుకుంటూ ఏట్లోకి పోయింది.

ఇక ఈ అడవి చేసే మరొక పని ఉన్నది. అది ఊళ్ళో ఎవరికీ కనబడదు. చెట్లు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, దానిలోని బొగ్గుతో తమ ఒళ్ళు కట్టుకుంటాయని మీ పాఠంలో ఉంటుంది. ఏ అడవైనా చేసే పనే ఇది. కాని మామూలు అడవిలో ఆకు రాలితే పురుగులూ, సూక్ష్మజీవులూ దానిని తినేసి, ఆ బొగ్గును మళ్ళీ వాయువుగా గాలిలోకి వదిలేస్తాయి. మడ బురదలో గాలి లేదని చెప్పాను కదా. అక్కడ కుళ్ళడం చాలా నెమ్మది. రాలిన ఆకులను పీతలు బొరియల్లోకి లాక్కుపోతాయి. చచ్చిన వేళ్ళు ఉన్నచోటనే ఉండిపోతాయి. వాటి మీద ప్రతి పోటుకూ కాస్త ఒండ్రు పడుతుంది. అలా బొగ్గు పొర మీద పొరగా పాతుకుపోయి, వందల ఏళ్ళు కదలకుండా ఉంటుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసనను మనం చీదరించుకుంటాం గాని, పాతర పదిలంగా ఉందని చెప్పే వాసన అది.

ఎంత బొగ్గు ఉన్నదో ఎలా తెలుస్తుంది? చెట్లలో ఉన్నదానిని కాండం చుట్టుకొలత కొలిచి లెక్కకడతారు. బురదలో ఉన్నదానికి, వెదురుబద్ద చీల్చినట్టు సగం గొట్టంలాగా ఉండే ఒక మీటరు పొడవు ఉక్కు పనిముట్టును బురదలోకి దించి, తిప్పి, పైకి లాగుతారు. మట్టి కడ్డీ ఒకటి చెదరకుండా వస్తుంది. దానిని ముక్కలు కోసి, ఆరబెట్టి, తూచి, కొలిమిలో కాల్చి మళ్ళీ తూస్తారు. కాలిపోయిన బరువును బట్టి బొగ్గు ఎంతో లెక్క తేలుతుంది. ఒక హెక్టారు నేల, అంటే సుమారు రెండున్నర ఎకరాలు, మీటరు లోతున తీస్తే 10,000 ఘనపు మీటర్ల బురద. ఒక్కొక్క ఘనపు మీటరులో ఎండిన మట్టి ఒక టన్ను అనుకుందాం. అందులో నూటికి ఒక వంతు బొగ్గు ఉంటే 100 టన్నులు. మూడు వంతులుంటే 300 టన్నులు. ఒకటికీ మూడుకూ మధ్య ఎంత తేడా వచ్చిందో చూశారా? అందుకే కొలవకుండా చెప్పే అంకెలను నేను నమ్మను. 2011లో కొందరు శాస్త్రజ్ఞులు హిందూ, పసిఫిక్ సముద్రాల తీరాలలో 25 చోట్ల కొలిచి, చెట్లూ బురదా కలిపి హెక్టారుకు సగటున వెయ్యి టన్నుల బొగ్గు ఉన్నదని, అందులో చాలాభాగం బురదలోదే అని చెప్పారు. ఆ అంకెను తెచ్చి గోదావరికి అతికించకూడదు. ఆ చోట్లలో కొన్నిటికి మీటర్లకొద్దీ లోతున్న నల్లని కుళ్ళుమట్టి ఉన్నది. మన గోదావరి తెచ్చేది ముఖ్యంగా కొండల నుంచి వచ్చిన ఒండ్రు. అందులో బొగ్గు పాలు తక్కువ.

ఈ పాతరకు ఉన్న పెద్ద భయం గొడ్డలి కాదు, గాలి. చెరువు తవ్వడానికి బురదను తీసి గట్టు వేస్తే, వందల ఏళ్ళు గాలి ఎరగని మట్టి ఎండి, ప్రాణవాయువు తగిలి, సూక్ష్మజీవుల పాలవుతుంది. హెక్టారుకు 100 టన్నుల బొగ్గు అలా పోతే, గాలిలో 367 టన్నుల బొగ్గుపులుసు వాయువు అవుతుంది, ఎందుకంటే ప్రతి బొగ్గు పరమాణువూ రెండు ప్రాణవాయువు పరమాణువులను కలుపుకుంటుంది. కొత్తగా పెరిగే మడ అడవి బురదలో ఏడాదికి హెక్టారుకు ఒకటి రెండు టన్నుల బొగ్గు పాతితే గొప్ప. పోయిన వంద టన్నులు తిరిగి రావాలంటే ఎన్నేళ్ళు కావాలో మీరే లెక్కచేయండి. ఒకచోట పాత అడవి కొట్టి, మరొకచోట అన్నే మొక్కలు నాటి, సరికి సరి అనేవాళ్ళకు ఈ లెక్క చూపించాలి.

బోడిపర్రలో మొదటి మొక్క వేసిన ఎన్నో ఏళ్ళకు, మా విద్యార్థులను తీసుకువెళ్ళి మట్టికడ్డీ తీశాం. పైన నాలుగు వేళ్ళ మందాన గోధుమరంగు బురద, అందులో తల వెంట్రుకల్లాంటి కొత్త వేళ్ళు. దాని కింద జానెడు మేర బూడిదరంగు మట్టి, వేరన్నది లేదు. అది నేల బోడిగా ఉన్న కాలం. ఇంకా కిందికి పోతే నల్లని బురద, కుళ్ళిన చెక్కముక్కలు, ఆ వాసన. “అది మా అమ్మ కాలంనాటి అడవి,” అన్నాడు మావయ్య, ఆ ముక్కను వేళ్ళతో నలిపి చూస్తూ.

ఇప్పుడు ఆయనకు డెబ్భై దాటాయి. పారపట్టే ఓపిక లేదు. గోదావరి మీద ఆనకట్టలు వచ్చాక ఒండ్రు రావడం తగ్గి, డెల్టా అంచును కొన్నిచోట్ల సముద్రం కోసుకుపోతోంది. బోడిపర్ర అంచుదాకా అది ఇంకా రాలేదు. ఏటా వరదలు తీశాక, కార్తీకంలో ఊరి కుర్రవాళ్ళు పెద్ద కాలవ మొగ తీస్తారు. మావయ్య గట్టున కూచుని ఆటు దిగే వేళకు నీటిలో ఒక ఆకు వేసి చూస్తాడు. ఆకు ఏటివైపు కదిలితే లేచి ఇంటికి వస్తాడు. కదలకపోతే వాళ్ళచేత ఇంకొక మూర తీయిస్తాడు.